నాడి 52 చూసి మాత్ర మానేస్తే

గుండెపోటు వచ్చి, స్టెంటు వేయించుకుని, మూడు నెలలుగా మందులు వాడుతున్న ఒక కిరాణా కొట్టు యజమానిని ఊహించుకుందాం. వయసు 58. ఛాతీ నొప్పి మళ్లీ రాలేదు. కానీ ఒంట్లో మునుపటి సత్తువ లేదు. మేడ మెట్లు ఎక్కితే కాళ్లు బరువెక్కుతున్నాయి. మధ్యాహ్నానికే కొట్టులో కూర్చుని కునికిపాట్లు పడుతున్నాడు. ఒకరోజు ఇంట్లో బీపీ మిషన్ పెట్టి చూస్తే బీపీ బాగానే ఉంది, నాడి మాత్రం 52 అని చూపింది. పక్కింటాయన ‘72 ఉండాలి కదా’ అన్నాడు. ఇంట్లో అందరికీ గుండె ఆగిపోతుందేమోనన్న భయం పట్టుకుంది. స్ట్రిప్పులన్నీ ముందేసుకుని వెతికితే నాడిని తగ్గించేది మెటోప్రొలాల్ 50 మి.గ్రా. మాత్ర అని తేలింది. మర్నాటి నుంచి దాన్ని పక్కన పెట్టేశారు.

ఇలాంటి ఇళ్లు మన చుట్టూ చాలానే ఉన్నాయి. ఆయన భయం అర్థం లేనిది కాదు, ఆయన నీరసం అబద్ధమూ కాదు. పొరపాటు జరిగింది మాత్ర మానేసిన తీరులోనే.

మెటోప్రొలాల్, అటెనొలాల్, బిసొప్రొలాల్, ప్రొప్రనొలాల్, కార్వెడిలాల్... పేరు చివర ‘లాల్’ అని వినిపించే ఈ మందులు బీటా బ్లాకర్లు. శ్రమపడినా, కంగారుపడినా ఒంట్లో అడ్రినలిన్ ఊరి గుండెను పరుగెత్తిస్తుంది. గుండె కణాల మీద ఆ అడ్రినలిన్‌ను అందుకునే గ్రాహకాలను ఈ మందు కప్పి ఉంచుతుంది. గుండె నెమ్మదిగా, తక్కువ బలంతో కొట్టుకుంటుంది. దానికి కావలసిన ఆక్సిజన్ కూడా తగ్గుతుంది. రక్తనాళం సన్నబడిన గుండెకు కావలసింది ఈ వెసులుబాటే. కాబట్టి ఈ మందు వాడేవారికి విశ్రాంతిలో నాడి 50కీ 60కీ మధ్య ఉండడం సాధారణంగా మందు పనిచేస్తోందనడానికి గుర్తు. మందు వాడని వారికి చెప్పే 60 నుంచి 100 అనే లెక్క వీరికి వర్తించదు.

అలాగని ఎంత తగ్గినా ఫరవాలేదని కాదు. విశ్రాంతిలో నాడి పదేపదే 50 కంటే దిగువకు పోతుంటే డాక్టరుకు చెప్పాలి. నాడి నెమ్మదించడంతో పాటు కళ్లు తిరగడం, స్పృహ తప్పడం, ఆయాసం, ఛాతీ నొప్పి ఉంటే అంకె ఎంతన్నది చూడకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. మిషన్ చూపే అంకెనూ గుడ్డిగా నమ్మకూడదు. గుండె లయ సమంగా లేకపోతే అది అసలు కంటే తక్కువ చూపించవచ్చు. ఐదు నిమిషాలు కదలకుండా కూర్చుని, బొటనవేలి కింద మణికట్టు దగ్గర రెండు వేళ్లు ఆనించి, గడియారం చూస్తూ నిండా ఒక నిమిషం లెక్కపెట్టాలి.

ఇక నీరసం. మెట్లెక్కేటప్పుడు గుండె వేగం పెరగాలి, ఈ మందు దాన్ని పెరగనివ్వదు. కాళ్ల బరువుకు ఒక కారణం అదే. మందు మొదలుపెట్టిన కొన్ని వారాలకు చాలామందిలో ఇది సర్దుకుంటుంది. సర్దుకోకపోతే మోతాదు తగ్గించవచ్చు, అదే కోవలో మరో మందుకు మారవచ్చు. అయితే నేరమంతా ఈ మాత్ర మీదే మోపడం సరికాదు. రక్తహీనత, థైరాయిడ్ తగ్గడం, గుండెపోటు తర్వాత గుండె కండరం బలహీనపడడం కూడా ఇదే నీరసం తెస్తాయి. థైరాయిడ్ తగ్గితే నాడి కూడా నెమ్మదిస్తుంది. బీపీకి, ఛాతీ నొప్పికి వాడే డిల్టియాజెమ్, వెరపామిల్ వంటి మందు తోడైతే నాడి ప్రమాదకరంగా పడిపోవచ్చు. చాలామందికి తట్టని సంగతి ఇంకొకటి ఉంది. కంటిలో నీటికాసులకు వేసే టిమొలాల్ చుక్కలు కూడా బీటా బ్లాకరే. కంటిలో వేసిన చుక్క రక్తంలో కలిసి గుండెను చేరుతుంది. కంటి డాక్టరు రాసిన చీటీని గుండె డాక్టరుకు చూపించేవారు ఎందరు?

మళ్లీ మన కిరాణా కొట్టుకు వద్దాం. సోమవారం మాత్ర మానేశాడు. బుధవారానికి హుషారు వచ్చింది, నాడి 80 దాటింది. మంచి పని చేశామనుకున్నారు. శుక్రవారం బియ్యం బస్తా జరుపుతుంటే ఛాతీ పట్టేసింది. లోపల జరిగింది ఇది. గ్రాహకాలను నెలల తరబడి కప్పి ఉంచడంతో శరీరం కొత్త గ్రాహకాలను పెంచుకుంటూ వచ్చింది. మందు ఒకటి రెండు రోజుల్లో ఒంట్లోంచి వెళ్లిపోయింది. పెరిగిన గ్రాహకాలు మాత్రం అంత త్వరగా తగ్గవు. రోజూ ఊరే అడ్రినలినే ఇప్పుడు ఎక్కువ గ్రాహకాల మీద పడి, మందు మొదలుపెట్టక ముందుకంటే కూడా గుండెను ఎక్కువగా తరుముతుంది. ఆక్సిజన్ అవసరం ఒక్కసారిగా పెరిగితే సన్నబడిన నాళం అంత అందించలేదు. ఫలితం ఛాతీ నొప్పి, గుండె లయ తప్పడం, ఒక్కోసారి గుండెపోటు. ప్రొప్రనొలాల్ హఠాత్తుగా ఆపిన రోగులలో ఇలా జరిగిందని 1975లోనే వైద్య పత్రికలు రాశాయి. ఈ మందులను ఒక్కసారిగా ఆపవద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ వాటి సమాచార పత్రంలో హెచ్చరిక వేయిస్తోంది. గుండె జబ్బు ఉన్నవారికి ఒకటి రెండు వారాల్లో మెల్లగా తగ్గించాలని చెబుతోంది. అంటే 50 మి.గ్రా. వాడే మనిషికి డాక్టరు ఒక వారం 25, మరో వారం 12.5 ఇచ్చి ఆపవచ్చు. ఆ రోజుల్లో బరువులు ఎత్తకూడదు, నొప్పి వస్తే ఆగకుండా ఆసుపత్రికి చేరాలి. ఎవరికి ఎంత, ఎన్నాళ్లు అన్నది డాక్టరే నిర్ణయించాలి.

గుండెపోటు వచ్చిన ప్రతివారూ జీవితాంతం ఈ మాత్ర మింగాలా అన్న ప్రశ్న ఇప్పుడు వైద్యుల మధ్యే నడుస్తోంది. గుండె పంపింగు బాగున్నవారికి దీనివల్ల అదనపు మేలు కనబడలేదని 2024లో స్వీడన్ కేంద్రంగా సాగిన పరిశోధన చెప్పింది. అదే ఏడాది ఫ్రాన్సులో మరో పరిశోధన, ఎప్పటినుంచో వాడుతున్నవారు ఆపడం కొనసాగించినంత సురక్షితమని నిరూపించలేకపోయింది. ఆపినవారిలో బీపీ, నాడి పెరిగాయి కూడా. కాబట్టి ‘నాకు ఈ మందు ఇంకా అవసరమా’ అని అడిగే హక్కు రోగికి ఉంది, ఆ ప్రశ్నకు విసుక్కోని జవాబు రావాలి. పంపింగు తగ్గినవారి విషయంలో మాత్రం ఈ మందు ఆయుష్షు పెంచుతుందన్నది స్థిరపడిన సంగతి.

మేము వైద్యులను, ఆసుపత్రులను కోరేది పెద్ద పనేమీ కాదు. డిశ్చార్జి కాగితం మీద ఈ మందు పేరు ఎదుట తెలుగులో రెండు వాక్యాలు రాయండి: ‘మీ అంతట మీరు ఆపవద్దు. నాడి ఇంతకంటే తగ్గితే ఈ నంబరుకు ఫోన్ చేయండి.’ ఆ అంకె ఒక్కో రోగికి ఒక్కోలా ఉండవచ్చు, అందుకే దాన్ని డాక్టరే వేయాలి. నెలనెలా వచ్చి మందులు కొనే మనిషి ఈసారి ఈ స్ట్రిప్పు ఒక్కటి వద్దంటే, ఎందుకని అడగడం మందుల షాపు వారి బాధ్యత. ఊరు వెళ్లినా, ఉపవాసం ఉన్నా, డబ్బు సర్దుబాటు కాకపోయినా ముందు కోత పడేది ఈ మాత్రకే కావడం మాకు ఆందోళన కలిగిస్తోంది. ఆపరేషన్ రోజు ఉదయం పరగడుపున ఉండమన్నారని దీన్ని మానేసేవారూ ఉన్నారు. ఎప్పటినుంచో వాడేవారు సాధారణంగా ఆ రోజు కూడా గుక్కెడు నీళ్లతో వేసుకోవాలి, మత్తు డాక్టరును ముందే అడిగి తెలుసుకోవాలి.

ఒక పూట మరిచిపోతే గుర్తొచ్చినప్పుడు వేసుకోవచ్చు. తర్వాతి మోతాదు వేళ దగ్గరపడితే దాన్ని వదిలేయాలి తప్ప రెండు కలిపి మింగకూడదు. ఇప్పటికే కొన్ని రోజులుగా మానేసి ఉన్నవారు ఈ సంగతి ఈరోజే డాక్టరుకు ఫోన్ చేసి చెప్పాలి. గుండె బలహీనత ఉన్నవారైతే పాత మోతాదునే ఒక్కసారిగా మళ్లీ మొదలుపెట్టకూడదు. అలాంటివారికి చిన్న మోతాదుతో మొదలుపెట్టి పెంచుకుంటూ రావలసి ఉంటుంది.