బొమ్మ పడింది కదా, ఇంకేం కావాలి?

గేమింగ్ లాప్‌టాప్‌కి మానిటర్ తగిలించే విషయంలో మన భాగ్యనగరం ఏనాడో ఒక సిద్ధాంతానికి కట్టుబడింది. తీగ ఏ కన్నంలో పడితే అదే సరైన కన్నం. తెర మీద బొమ్మ కనిపించిందా, పని పూర్తయింది, టీ పెట్టండి. డాబా ఎక్కి యాంటెన్నా తిప్పిన రోజుల నుంచి వస్తున్న ఆచారం కాబట్టి దీన్ని ప్రశ్నించేవాడికి ఇంట్లో మర్యాద దక్కదు. అయినా సాహసిస్తున్నాను.

కూకట్‌పల్లిలో ఉండే మా మేనల్లుడి కేసే తీసుకుందాం. లక్ష దాటిన లాప్‌టాప్, అందులో గేము బొమ్మలు గీసే ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లి 1440పి, 165 హెర్ట్జ్ మానిటర్ కొన్నాడు. అమ్మినాయన ఒక యూఎస్‌బీ-సీ కేబుల్ చేతిలో పెట్టి, "ఒక్క వైరు చాలు తమ్ముడూ, హెచ్‌డీఎంఐ పాతదైపోయింది" అని ఆశీర్వదించాడు. ఇంటికొచ్చి పక్కనున్న సీ-పోర్టులో గుచ్చాడు. బొమ్మ పడింది. బావగారు సంతృప్తిగా తలూపారు. గేమ్‌లో మాత్రం 90 దాటని ఫ్రేములు.

"కార్డే డల్‌గా ఉన్నట్టుంది మావయ్యా" అన్నాడు వాడు. పాపం ఆ కార్డు చేసిన తప్పేమీ లేదు. ఆ లాప్‌టాప్‌లో సీ-పోర్టు తీగ ఎన్విడియా కార్డు దాకా వెళ్లదు. ప్రాసెసర్‌లోనే ఉండే చిన్న ఇంటెల్ గ్రాఫిక్స్ దగ్గర ఆగిపోతుంది. అంటే పెద్ద కార్డు చెమటోడ్చి తయారుచేసిన ప్రతి ఫ్రేమూ కంప్యూటర్ మెమరీలోకి కాపీ అయి, చిన్నదాని చేతుల మీదుగా మానిటర్‌కి చేరాలి. సంతకం పెట్టాల్సిన అధికారి పెట్టేశాక కూడా ఫైలు గుమాస్తా బల్ల మీద నుంచే పోవాలనే మన ఆఫీసుల నియమం లాంటిదన్నమాట. సెకనుకి 40 ఫ్రేములిచ్చే బరువైన గేమ్‌లో ఈ ఆలస్యం పెద్దగా తెలియదు. ఫ్రేములు పెరిగేకొద్దీ కాపీలూ పెరుగుతాయి, కాబట్టి వేగంగా నడిచే షూటింగ్ గేముల్లోనే దెబ్బ గట్టిగా తగులుతుంది.

చాలా గేమింగ్ లాప్‌టాప్‌లలో హెచ్‌డీఎంఐ పోర్టు నేరుగా పెద్ద కార్డుకే కలిపి ఉంటుంది. సీ-పోర్టు సంగతి అలా చెప్పలేం: కొన్నింట్లో పెద్ద కార్డుకి, కొన్నింట్లో చిన్నదానికి, కొన్నింట్లో అసలు బొమ్మే పంపదు. పైకి మాత్రం అన్నీ ఒకేలా ఉంటాయి. కన్నం పక్కన రెండు ముక్కలు రాస్తే కంపెనీకి పెయింటు ఖర్చు ఎక్కువవుతుందేమో మరి.

విచిత్రమేమిటంటే, విండోస్ ఈ రహస్యాన్ని ఎప్పుడూ దాచలేదు. `Settings > System > Display > Advanced display` తెరిచి, పైన బయటి మానిటర్‌ని ఎంచుకుంటే, కింద ఒక వాక్యం ఉంటుంది. మావాడి తెర మీద అది ఇలా ఉంది:

```
Display 2: Connected to Intel(R) UHD Graphics
```

ఆ పేజీకి వెళ్లిన మానవుడు మా కుటుంబంలో అంతవరకూ లేడు. సీ-కేబుల్ పీకి హెచ్‌డీఎంఐ కేబుల్ గుచ్చగానే అదే చోట ఎన్విడియా పేరొచ్చింది. అదే గేమ్, అవే సెట్టింగులు, 110 దాకా ఫ్రేములు.

"కానీ మావయ్యా, కంటికి తేడా ఏమీ లేదే?" అన్నాడు. ఉండదు. కేబుల్ మార్చగానే విండోస్ సొంత నిర్ణయంతో 60 హెర్ట్జ్‌లో కూర్చుంది. గేమ్ మూలన 110 అని లెక్క చూపిస్తుంది, తెర సెకనుకి అరవైసార్లే మారుతుంది. అదే పేజీలో రిఫ్రెష్ రేటు మార్చేదాకా ఇంత చాకిరీ వృథా.

మార్చబోతే మరో చిక్కు. జాబితాలో 165 లేదు, 144 దగ్గరే ఆగింది. లాప్‌టాప్ హెచ్‌డీఎంఐ కొత్త తరందే గాని మానిటర్‌ది 2.0. దాని దారి వెడల్పుకి 1440పి అయితే 144 వరకే పడుతుంది. 165 కావాలంటే మానిటర్‌కున్న మరో కన్నం, డిస్‌ప్లేపోర్టే గతి. ఆ డిస్‌ప్లేపోర్టుకి లాప్‌టాప్ నుంచి వెళ్లాలంటే సీ-పోర్టు ద్వారానే వెళ్లాలి. అంటే మళ్లీ గుమాస్తా బల్ల దగ్గరికే.

గేమ్ ఇచ్చేది 110 ఫ్రేములే, 144 హెర్ట్జ్ దానికి ధారాళంగా సరిపోతుందని కాగితం మీద లెక్క వేసి చూపించాను. వాడు శ్రద్ధగా విన్నాడు. ఆ తర్వాత పోయిన 21 హెర్ట్జ్‌లకి న్యాయం జరగాలంటే హెచ్‌డీఎంఐ 2.1 ఉన్న కొత్త మానిటర్ తప్పనిసరని వాళ్ల నాన్నగారికి అర్జీ పెట్టుకున్నాడు. బావగారు అర్జీని పరిశీలించి, పాతదాని మీద బొమ్మ పడుతోందా లేదా అని అడిగారు.