సర్వే లింకు మీ పేరు మీదే వచ్చింది, అయితే ఏంటి?

ఉద్యోగం, మేనేజర్ గురించి ఉద్యోగుల అభిప్రాయం అడిగే ఎంగేజ్‌మెంట్ సర్వే మీద ఒక మెసేజ్ ఇలా అంటోంది:

"ఎంగేజ్‌మెంట్ సర్వేలో మీ పేరు బయటపడదు అనేది పచ్చి అబద్ధం. ఒక్కొక్కరికీ వేరే లింకు వస్తుంది, నింపకపోతే రిమైండర్ వస్తుంది. అంటే ఎవరేం రాశారో మేనేజర్‌కి కనిపిస్తుంది. ఆ ఫలితాలతో ఎలాగూ ఏమీ చేయరు. నింపకండి, లేదా అన్నిటికీ 5 కొట్టి పంపేయండి."

లింకు గురించిన మాట చాలావరకు నిజమే. చాలా కంపెనీల్లో ఒక్కొక్కరికీ వేరే లింకు వస్తుంది. ఒకరు రెండుసార్లు నింపకుండా ఉండటానికి, నింపనివాళ్లకే రిమైండర్ పంపడానికి, మీ విభాగం, సర్వీసు లాంటి వివరాలు మళ్లీ అడగకుండా జవాబుకు జత చేయడానికి అది కావాలి. అంటే ఆ జవాబు ఎవరిదో సర్వే నడిపే సిస్టమ్‌కు తెలుసు. ఇలాంటి సర్వేకి పంపే ఆహ్వానంలో "పూర్తిగా అనామకం" అని రాస్తే అది తప్పు, దాన్ని నేను సమర్థించను. "మీ జవాబు గోప్యంగా ఉంటుంది, విడిగా ఎవరికీ చూపించం" అని రాయాలి. నిజంగా అనామకమైన సర్వేలో సాధారణంగా అందరికీ ఒకే లింకు ఉంటుంది, రిమైండర్ కూడా అందరికీ వెళ్తుంది.

కానీ సిస్టమ్‌కు తెలిసిందంతా మేనేజర్‌కి తెలిసిపోదు. సరిగా నడిపే సర్వేలో మేనేజర్‌కి టీమ్ సగటు, ఎంతమంది నింపారన్న లెక్క మాత్రమే వెళ్తాయి. అది కూడా నింపినవాళ్లు కనీస సంఖ్యకు చేరితేనే. ఆ సంఖ్య చాలాచోట్ల 5 ఉంటుంది. కామెంట్లు చూపించడానికి కొన్ని కంపెనీలు ఇంకా పెద్ద సంఖ్య పెట్టుకుంటాయి.

ఆ మెసేజ్ రాసినవాళ్లు పట్టుకోని అసలు ప్రమాదం వేరే ఉంది. ఒక టీమ్‌లో 6 మంది నింపారనుకోండి. "మేనేజర్ నా మాట వింటారు" అన్న ప్రశ్నకు సగటు 4 వచ్చింది, అంటే మొత్తం 24. ఇప్పుడు అదే రిపోర్టులో "ఏడాది పైబడి పనిచేస్తున్నవాళ్లు" అని ఫిల్టర్ పెడితే 5 మంది వస్తారు, సగటు 4.4, మొత్తం 22. మిగిలిన ఆ ఒక్కరు, అంటే టీమ్‌లోకి కొత్తగా వచ్చినవారు, 2 ఇచ్చారని తీసివేతతో తేలిపోతుంది. రెండు గుంపుల్లోనూ కనీసం 5 మంది ఉన్నా ఒకరి జవాబు బయటపడింది! మంచి సిస్టమ్ అయితే ఇలా మిగిలే గుంపు చిన్నదైనప్పుడు ఆ ఫిల్టర్‌నే చూపించదు. కాబట్టి హెచ్ఆర్‌ను అడగాల్సిన ప్రశ్న "మా టీమ్ రిపోర్టులో మేనేజర్ ఏయే ఫిల్టర్లు వాడగలరు?" అన్నది.

మీరెవరో బయటపడే రెండో దారి కామెంట్ బాక్స్. అక్కడ రాసినది చాలాసార్లు మక్కీకి మక్కీ రిపోర్టులోకి వెళ్తుంది. "మొన్న డెమో కాల్‌లో నన్ను అందరి ముందు తిట్టారు" అని రాస్తే పేరు అక్కర్లేదు. "తప్పు జరిగితే కాల్‌లో అందరి ముందే తిడుతున్నారు, విడిగా చెబితే బాగుంటుంది" అంటే విషయం చేరుతుంది, మీరెవరో తేలడం కష్టమవుతుంది. వేధింపుల లాంటి ఫిర్యాదుకు మాత్రం సర్వే సరైన చోటు కాదు. ఎవరిదో చెప్పని ఫిర్యాదు మీద విచారణ జరపడం కష్టం. దాన్ని ఫిర్యాదుల కమిటీకే ఇవ్వాలి.

ఇక నింపకండి అన్న సలహా. 8 మంది ఉన్న టీమ్‌లో నలుగురే నింపితే ఆ టీమ్‌కు రిపోర్టే తయారు కాదు. ఆ నాలుగు జవాబులు పై విభాగం సగటులో కలిసిపోతాయి. ఎవరి పద్ధతి మారాలని మీరు కోరుకుంటున్నారో ఆ మేనేజర్ పేరు మీద ఒక్క తక్కువ మార్కు కూడా నమోదు కాదు. అన్నిటికీ 5 కొట్టడం ఇంకా నష్టం. పైవాళ్లు ఆ టీమ్ బ్రహ్మాండంగా ఉందని నమ్ముతారు.

ఫలితాలతో ఏమీ చేయరన్న కోపం చాలాచోట్ల న్యాయమైనదే. సర్వే ముగిశాక రిపోర్టు ముందు పై అధికారులకు, తర్వాత మేనేజర్లకు వెళ్తుంది. ఆ తర్వాత టీమ్‌తో కూర్చుని ఒకటో రెండో పనులు ఎంచుకోవాలి. ఎక్కువగా ఆగిపోయేది ఈ చివరి మెట్టు దగ్గరే, ఎందుకంటే ఆహ్వానంలో దానికి తేదీ ఉండదు, బాధ్యుడి పేరూ ఉండదు. మంచి ఆహ్వానం ఇలా ఉంటుంది:

"లింకు మీ ఒక్కరిదే. విడి జవాబులు సర్వే నడిపే బయటి సంస్థ దగ్గరే ఉంటాయి, మేనేజర్లకు గానీ హెచ్ఆర్‌కు గానీ అందవు. 5 కంటే తక్కువ మంది నింపిన టీమ్‌కు రిపోర్టు ఉండదు. కామెంట్లు పేరు లేకుండా, మీరు రాసినట్టే కనిపిస్తాయి. సర్వే ముగిసిన 3 వారాల్లో కంపెనీ ఫలితాలు, 6 వారాల్లోపు టీమ్ మీటింగ్. జీతాల పెంపు ఈ సర్వే పరిధిలో లేదు. గత సర్వేలో మీరు అడిగినవాటిలో చేసినవి, చేయలేకపోయినవి కింద ఉన్నాయి."

మీకు వచ్చిన మెయిల్‌లో ఇవి లేకపోతే నింపే ముందే హెచ్ఆర్‌కు రిప్లై పెట్టి అడగండి. ఫిల్టర్ల సంగతి తేల్చి చెప్పకపోతే, మార్కుల ప్రశ్నల్లో కూడా మిమ్మల్ని ఇబ్బంది పెట్టగలవి వదిలేయండి, కామెంట్ బాక్స్ ఖాళీగా ఉంచండి.