బోల్ట్ ఎక్కకపోతే రౌండ్ ఫైల్ తేకండి

"అన్నా, మూడు బోల్ట్‌లు ఎక్కినాయి. నాలుగోది ఎక్కడం లేదు. కొంచెం ఫైల్ కొట్టేదా?"

బెంగళూరు పీణ్యలో చిన్న వర్క్‌షాపు నడిపే ఎవరినైనా అడగండి, ఈ మాట వారానికి ఒకసారైనా వింటారు. మా షాపులో పనిచేసే కుర్రాడిది మా హిందూపురం పక్కనే. మంచి చేయి, వెల్డింగ్ చక్కగా చేస్తాడు. హోల్ అనేసరికి మాత్రం అందరిలాగే, డ్రిల్ మెషిన్‌లో బిట్ బిగించి లివర్ లాగితే పని అయిపోయిందనుకుంటాడు.

పోయిన వారం పని చాలా మామూలుది. ఒక గేర్‌బాక్స్ కింద పెట్టడానికి 10 మిల్లీమీటర్ల మందం మైల్డ్ స్టీల్ ప్లేటు. పొడవులో 110, వెడల్పులో 60 దూరంతో నాలుగు హోల్స్. గేర్‌బాక్స్ వైపు M10, అంటే 10 మిల్లీమీటర్ల బోల్ట్ మరలు ముందే ఉన్నాయి కాబట్టి ప్లేటులో 11 మిల్లీమీటర్ల హోల్స్ వేయాలి. అంటే బోల్ట్ చుట్టూ అటు అర మిల్లీమీటరు, ఇటు అర మిల్లీమీటరు సందు. మనవాడి నాలుగో హోల్ ఒకటిన్నర మిల్లీమీటర్లు పక్కకు పోయింది. ప్లేటునంతా అర మిల్లీమీటరు జరిపినా ఇంకా ఒక మిల్లీమీటరు తేడా మిగులుతుంది. బోల్ట్ ఎలా ఎక్కుతుంది?

ఫైల్‌తో అరగదీసి హోల్‌ను కోడిగుడ్డులా చేస్తే ఎక్కుతుంది, నిజమే. వాషర్ వేసి కప్పేస్తే కనిపించదు కూడా. కానీ ఆ మూల వాషర్ కింద ఒక వైపు ఇనుము తగ్గిపోతుంది. మెషిన్ వైబ్రేషన్‌కి మొదట వదులయ్యేది ఆ బోల్టే. కస్టమర్ ఫోన్ చేసి తిట్టేది నన్ను, ఫైల్ కొట్టినవాడిని కాదు.

ఎందుకు పోయిందని అడిగితే "బిట్ జారిందన్నా" అన్నాడు. ఆ మాట అబద్ధం కాదు. అసలు బిట్ ఎందుకు జారుతుందో మాత్రం ఏళ్లుగా పనిచేసేవాళ్లు కూడా చూడరు. ఒక 11 మిల్లీమీటర్ల బిట్ తీసుకుని మొనను మీ వైపు తిప్పి చూడండి. అక్కడ సూది మొన ఉండదు. రెండు కోత అంచుల మధ్య దాదాపు రెండు మిల్లీమీటర్ల పొడవున అడ్డంగా ఒక మొండి గీత ఉంటుంది. ఆ గీత ఇనుమును కోయదు, నలిపి పక్కకు తోస్తుంది. మీరు లివర్ మీద వేసే బలంలో చాలా భాగం దానికే పోతుంది. చదునైన ప్లేటు మీద పెట్టి తిప్పితే అది నిలవడానికి చోటు ఉండదు కాబట్టి బొంగరంలా ఎటో ఒక వైపు నడుస్తుంది.

పంచ్‌తో సెంటరులో గుంట కొట్టాను కదా అంటాడు మనవాడు. కొట్టాడు. కానీ ఆ పంచ్ గుంట మిల్లీమీటరున్నర వెడల్పు కూడా లేదు. రెండు మిల్లీమీటర్ల గీత అందులోకి దిగదు, గుంట అంచుల మీద ఊగుతుంది. పెద్ద బిట్‌కి పంచ్ చాలదు, అందుకే ముందు సన్న బిట్‌తో పైలట్ హోల్. 3 మిల్లీమీటర్ల బిట్‌కి ఆ మొండి గీత అర మిల్లీమీటరు అటూ ఇటూ, అది పంచ్ గుంటలో చక్కగా కూర్చుంటుంది. అది వేసిన 3 మిల్లీమీటర్ల హోల్‌లోకి పెద్ద బిట్ మొండి గీత మొత్తం దిగిపోతుంది. ఇక నలపడం ఉండదు, రెండు అంచులూ కోస్తాయి, లివర్ కూడా తేలికవుతుంది.

ఇక్కడే నాకు ఇంకో కోపం. పైలట్ అంటే సగం సైజు అని ఎవరు చెప్పారో కానీ 11కి ముందు 5, తర్వాత 7, తర్వాత 9 అంటూ మెట్లు కట్టేవాళ్లు ఉన్నారు. పైలట్ పెద్ద బిట్ మొండి గీతకన్నా కాస్త పెద్దగా ఉంటే చాలు. అంతకన్నా బాగా పెంచితే బిట్ అంచుల చివరలే కోస్తాయి, బిట్ దడదడలాడుతుంది, హోల్ గుండ్రంగా కాకుండా మూడు మూలలుగా వస్తుంది. అంచులు ఇనుమును పట్టి లాగేస్తాయి కూడా.

కాబట్టి అసలు లెక్క తేలేది పంచ్ దగ్గరే. ప్లేటుకు మైలుతుత్తం నీళ్లు రుద్దితే రాగి రంగు పొర వస్తుంది, దాని మీద గీసిన కొలత గీత స్పష్టంగా కనిపిస్తుంది. రెండు గీతలు కలిసే చోటికి సన్న పంచ్ మొనను ఒక గీత వెంట జరుపుతూ వస్తే, అడ్డగీతలో పడినప్పుడు టక్కుమని వేలికి తెలుస్తుంది. అక్కడ ఒక్క చిన్న దెబ్బ. భూతద్దంతో చూసి సరిగ్గా ఉంటేనే 90 డిగ్రీల సెంటర్ పంచ్‌తో గట్టిగా ఒకే దెబ్బ. కింద దిమ్మ గట్టిగా ఉండాలి. వెల్డింగ్ టేబుల్ చివర పెట్టి కొడితే ప్లేటు ఎగిరి రెండు గుంటలు పడతాయి. గుంట పక్కకు పోయినా భయం లేదు, పంచ్‌ను వంచి సరైన వైపుకు తోసేలా కొట్టి, మళ్లీ నిలువుగా కొట్టాలి. డ్రిల్ మొదలుపెట్టాక కూడా 3 బిట్‌తో చిన్న గుంట పడగానే ఆపి చూడండి. అప్పటికీ ఇలాగే లాక్కురావచ్చు. బిట్ పూర్తి వెడల్పు లోపలికి వెళ్లాక మాత్రం ఎవరి తరమూ కాదు.

మనవాడి రెండో తప్పు ప్లేటును చేత్తో పట్టుకోవడం. హోల్ మధ్యలో ప్రమాదం కాస్త తక్కువ. అసలు ప్రమాదం బిట్ అవతలికి దూరే చివరి మిల్లీమీటరులో. అడుగున పల్చటి పొర చిరుగుతుంది, బిట్ అంచు దాన్ని కొక్కెంలా పట్టుకుంటుంది, ప్లేటు ఫ్యాన్ రెక్కలా తిరుగుతుంది. నా ఎడమ బొటనవేలి గోరు ఇప్పటికీ వంకరగానే పెరుగుతుంది, అలాంటి ఒక ప్లేటు పుణ్యం. ప్లేటును వైస్‌లో బిగించాలి, వైస్‌ను టేబుల్‌కి బోల్ట్ చేయాలి, చివర్లో లివర్ బరువు తగ్గించాలి. గ్లవుజులు తీసేయాలి, చిక్కుకుంటే చేతిని కూడా లాక్కుపోతాయి. ప్లేటు కింద ఒక్క ఇనుప చిప్ ఇరుక్కున్నా హోల్ వంకరగా దిగుతుంది కాబట్టి బిగించేముందు బ్రష్‌తో తుడవాలి.

నూనె సంగతి తొందరగా చెప్పేస్తాను. బండిలోంచి తీసిన పాత ఇంజిన్ ఆయిల్ పోయకండి. పొగ తప్ప ఏమీ రాదు, చర్మానికీ మంచిది కాదు. నీళ్లలో కలిపితే పాలలా తెల్లబడే కటింగ్ ఆయిల్ చాలు. నాలుగైదు మిల్లీమీటర్లు దిగాక బిట్‌ను పైకి తీసి, చిప్స్ దులిపి, మళ్లీ నూనె. 3 బిట్‌కి నిమిషానికి దాదాపు 2,500 చుట్లు, 11కి దాదాపు 700 చుట్లు స్పీడు. మనవాడు బెల్ట్ మార్చే బద్ధకంతో అన్నింటికీ 1,400లోనే పెడతాడు. అందుకే మా పెద్ద బిట్‌ల మూలలు నీలంగా కాలిపోయి ఉంటాయి. చిప్స్ బిట్ రెండు గాడుల నుంచీ సమానంగా చుట్టలు చుట్టుకుని వస్తున్నాయా చూడండి. ఒక వైపే వస్తుంటే బిట్ సాన సరిగా లేదని, హోల్ 11 కన్నా పెద్దదవుతుందని అర్థం.

రెండో ప్లేటు వాడితోనే వేయించాను. ఈసారి ప్రతి సెంటరు చుట్టూ డివైడర్‌తో 5.5 వ్యాసార్ధంలో వృత్తం గీసి, దాని మీద నాలుగు వైపులా నాలుగు చిన్న చుక్కలు కొట్టమన్నాను. "ఇవెందుకన్నా, హోల్‌తో పాటు పోతాయి కదా" అన్నాడు. పోలేదు. హోల్ అంచున నాలుగు చోట్లా సగం సగం చుక్క మిగిలింది, నాలుగూ ఒకే కొలత. మూడో హోల్‌లో మాత్రం ఒక వైపు చుక్క కొంచెం ఎక్కువ మిగిలింది, దాన్ని వాడే చూపించాడు.

నాలుగు బోల్ట్‌లూ స్పానర్ లేకుండా చేత్తోనే దిగాయి. పాత ప్లేటును పారేయనివ్వలేదు. పంచ్ కొట్టడం నేర్చుకోవడానికి దాని మీద ఇంకా చాలా చోటుంది.