నీళ్లు తాగేకొద్దీ ఎండిపోయే మనిషి

"నీళ్లు మంచిగ తాగుమన్నరు సార్. రోజుకు నాలుగు లీటర్లు తాగుతున్న. అయినా నాలుక పిడచగట్టుకపోతున్నది." దేవరకొండ వైపు నుంచి వచ్చిన పత్తి రైతు నాతో అన్న మొదటి మాట ఇది. వయసు నలభై రెండు. ఎవరో తెలియకుండా వివరాలు కొంచెం మార్చాను.

పేగు రక్తనాళంలో గడ్డ కట్టి, చిన్నపేగు చాలామేర నల్లబడిపోయింది. హైదరాబాద్‌లో ఆపరేషన్ చేసి పాడైనదంతా తీసేశారు. మిగిలింది చిన్నపేగు పైభాగమైన జెజునంలో సుమారు 95 సెంటీమీటర్లు. దాని కొసను పొట్ట మీదికి తెచ్చి సంచి తగిలించారు. పెద్దపేగు లోపలే ఉంది, కానీ తిన్నదీ తాగిందీ అక్కడిదాకా చేరదు. డిశ్చార్జి కాగితం మీద మాత్రం 'నీళ్లు, కొబ్బరినీళ్లు, పండ్ల రసాలు ఎక్కువగా తీసుకోవాలి' అని ఉంది. ఆయనను ఎండబెట్టింది ఆ ఒక్క వాక్యమేనని నా అభిప్రాయం.

జెజునం గోడ జల్లెడలాంటిది. అందులోకి ఉప్పు లేని నీళ్లు దిగితే, శరీరంలోని సోడియం అటువైపు కారుతుంది, దాని వెంట నీళ్లూ పోతాయి. లోపలి ద్రవంలో సోడియం లీటరుకు 90 నుంచి 100 మిల్లీమోల్ అయ్యేదాకా ఈ కారడం ఆగదు. మనందరికీ ఇలాగే జరుగుతుంది. కాకపోతే చిన్నపేగు కింది భాగమైన ఇలియం, ఆపై పెద్దపేగు ఆ ఉప్పునూ నీటినీ తిరిగి పట్టుకుంటాయి. ఆయనకు ఒకటి పోయింది, రెండోది దారిలో లేదు. అందుకే చెంబుడు మంచినీళ్లు తాగితే చెంబున్నర సంచిలోకి వస్తోంది. దాహం పెరుగుతుంది, మళ్లీ తాగుతాడు.

మేం చేసిన మొదటి పని కొలజాడీ ఒకటి ఇవ్వడం. సంచి ఖాళీ చేసిన ప్రతిసారీ కొలిచి నోటుబుక్కులో రాయమన్నాం. ఒక రోజు లెక్క 3.2 లీటర్లు, మూత్రం 400 మిల్లీలీటర్లు. సంచిలో పోయే ప్రతి లీటరుతో ఐదారు గ్రాముల ఉప్పు, అంటే నిండు టీస్పూను, పోతుంది. ఆయన రోజుకు మూడు చెంచాల ఉప్పు పారబోసుకుంటుంటే, ఇంట్లో భార్య బీపీ వస్తుందేమోనని కూరలో ఉప్పు తగ్గించింది. ఆమెను తప్పుపట్టలేం, అందరికీ మేం చెప్పేది అదే కదా!

రక్తంలో సోడియం దాదాపు మామూలుగానే ఉంది. ఇక్కడే చాలామంది మోసపోతారు. నీళ్లూ ఉప్పూ కలిసి పోయినప్పుడు రక్త పరీక్ష చూడ్డానికి బాగానే కనిపించవచ్చు. నిజం చెప్పేది మూత్రంలో సోడియం. అది లీటరుకు 20 మిల్లీమోల్ కంటే తక్కువుంటే కిడ్నీలు ఉప్పును పిసినారిలా దాచుకుంటున్నట్టు. ఈయనకు 10 కూడా లేదు. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 2.1కి పెరిగింది, మెగ్నీషియం 1.1కి పడిపోయింది. రాత్రిళ్లు పిక్కలు పట్టేయడానికి కారణం ఆ మెగ్నీషియమే.

రెండు రోజులు నోటికి దాదాపు ఏమీ ఇవ్వకుండా సెలైన్ ఎక్కించాం. సంచిలోకి వచ్చేది 700 మిల్లీలీటర్లకు పడిపోయింది. మిగిలిన రెండున్నర లీటర్లూ తిండీ నీళ్లూ తెచ్చినవేనని అప్పుడు ఇంటిల్లిపాదికీ అర్థమైంది. నా మాట కంటే ఆ జాడీ గీతలే వాళ్లను బాగా నమ్మించాయి.

తర్వాత ఇంటికి చెప్పిన పద్ధతి ఇది. మంచినీళ్లు, చాయ్, మజ్జిగ, కొబ్బరినీళ్లు అన్నీ కలిపి రోజుకు అర లీటరు దాటకూడదు. దాహానికి లీటరు నీళ్లలో 20 గ్రాముల గ్లూకోజ్ పొడి, మూడున్నర గ్రాముల ఉప్పు, రెండున్నర గ్రాముల వంట సోడా కలుపుకొని రోజంతా గుక్కగుక్కగా తాగాలి. ఇందులో సోడియం 90 మిల్లీమోల్. మందుల షాపులో దొరికే అసలు ఓఆర్‌ఎస్‌లో 75 ఉంటుంది. విరేచనాలకు అది చాలు, ఈ పేగుకు కొంచెం పలుచన. రుచి బాగోదు, కుండలో చల్లబరిస్తే గొంతు దిగుతుంది. డబ్బాల్లో వచ్చే తియ్యటి పానీయాలు ఇంకా చేటు. అంత చక్కెర నీటిని పేగులోకి లాగుతుంది. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి కొట్లాడితే, 2025 అక్టోబరులో ఆహార నియంత్రణ సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ అలాంటి డబ్బాల మీద ఓఆర్‌ఎస్ అన్న పేరు వాడొద్దంది.

తిండి ఆరు చిన్న పూటలు. అన్నం, దోశ, గుడ్డు, కోడికూర, పైన ఉప్పు, నూనె ధారాళంగా. పెద్దపేగు దారిలో లేదు కాబట్టి కొవ్వుకు భయపడనక్కర్లేదు. గటక, జొన్నరొట్టె కొన్నాళ్లు పక్కన పెట్టమన్నాం, పీచు సంచిని నింపుతుంది. అన్నంతో పాటు నీళ్లు తాగొద్దు, అరగంట ఎడం ఉండాలి. పేగు కదలిక నెమ్మదించడానికి తినేముందు అరగంటకు లోపెరమైడ్, కడుపులో ఊరే రసాలు తగ్గడానికి ఒమెప్రజోల్.

మూడు వారాలకు సంచి 1.8 లీటర్లకు దిగింది, మూత్రం 800కు చేరింది, బరువు 50 కిలోల దగ్గర నిలబడింది. కానీ మూత్రంలో సోడియం 12 దగ్గరే ఆగింది, మెగ్నీషియం లేవలేదు. నోటితో చేయగలిగిందంతా చేశాక కూడా లెక్క ఇలాగే ఉంటే, అప్పుడు ఇంట్లో సిర ద్వారా ఇవ్వడం గురించి మాట్లాడాలి. మళ్లీ కిడ్నీ దెబ్బతిని ఆస్పత్రిలో పడేదాకా ఆగకూడదు.

అయితే ఏమి ఇవ్వాలన్నది వేరే ప్రశ్న. జెజునం కొస సంచిలోకి తెరుచుకున్నప్పుడు, మిగిలిన పేగు మీటరు కంటే తక్కువైతే చాలామందికి ఉప్పునీళ్లు బయటినుంచి కావాలి. 75 సెంటీమీటర్ల కంటే తక్కువైతే సిరలోకి ఎక్కించే పోషకాల సంచి కూడా తప్పదు. ఈయన బరువు నిలబడింది, అంటే తిండి ఒంటబడుతోంది, ఉప్పే నిలవడం లేదు. కాబట్టి వారానికి మూడు రాత్రులు లీటరు సెలైన్, అందులో మెగ్నీషియం. బరువు జారుతుంటే పోషకాల సంచి గురించి ఆలోచించేవాళ్లం. అది ఖరీదు, దానికి ఫ్రిజ్జూ కరెంటూ నమ్మకంగా ఉండాలి. సెలైన్‌కు ఆ బెడద లేదు. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టి 'ఇంట్లో అయ్యే పని కాదు' అని చేతులెత్తేయడం మా వాళ్లలో మామూలైంది. అది నాకు నచ్చదు.

ఊళ్లో ఏ బాటిల్ ఎక్కించినా 'గ్లూకోజ్' అనే అంటారు. ఈయనకు ఆర్‌ఎంపీ అంతకుముందు పెట్టింది నిజంగా గ్లూకోజే. అందులో ఉప్పు లేదు. సెలైన్ లీటరులో 9 గ్రాములుంటుంది. సీసా మీద పేరు చదవడం భార్యకు నేర్పాం. ఛాతీలో పెద్ద సిరకు వేసిన లైనును ఆమె తప్ప ఇంకెవరూ ముట్టకూడదు, అందులోంచి రక్తం తీయకూడదు, వేరే ఇంజెక్షన్ ఇవ్వకూడదు. సబ్బుతో చేతులు కడగడం, లైను మూతిని స్పిరిట్‌తో రుద్ది ఆరనివ్వడం పది రోజులు చేయించి చూశాం. డ్రిప్పు మొదలైన గంటలో చలితో వణికి జ్వరమొస్తే అది మలేరియా అనుకోవద్దు. డ్రిప్పు ఆపి అదే రాత్రి రావాలి, లైనుకు సూక్ష్మజీవి పట్టిందనే లెక్క.

పెద్దపేగును మళ్లీ కలిపితే ఈ డ్రిప్పులు మానేసే వీలుంది, అది నీటినీ ఉప్పునూ బాగా పట్టుకుంటుంది. బరువు ఇంకాస్త పెరిగాక ఆ ఆపరేషన్. ఈలోగా మే వచ్చింది. చెమటలో కూడా ఉప్పు పోవడం మొదలైంది, నోటుబుక్కులో మూత్రం అంకె 500కు జారింది. భార్య ఫోన్ చేసి అడిగింది: "మూడు రాత్రులు సరిపోతలేవు సార్, ఐదు చేయాల్నా?" మూత్రంలో సోడియం చూసి, ఐదు చేశాం.