‘రాలేదు’ అంటే ప్రతిసారీ ‘డిడ్ నాట్ కమ్’ కాదు

‘ఆమె పాడలేదు.’ ఈ రెండు మాటలను ఇంగ్లీషులో చెప్పమంటే ఎక్కువమంది వెంటనే ‘షి డిడ్ నాట్ సింగ్’ అంటారు. సందర్భాన్ని బట్టి అది సరిపోవచ్చు. కానీ అదే వాక్యానికి ‘ఇంతవరకూ పాడలేదు’ అన్న అర్థం ఉంది, ‘పాడడం ఆమె వల్ల కాదు’ అన్న అర్థమూ ఉంది. ఇంగ్లీషులో ఈ మూడింటికీ మూడు వేరు వేరు వాక్యాలు కావాలి: డిడంట్ సింగ్, హ్యాజంట్ సంగ్, కాంట్ సింగ్. తెలుగు ఈ నిర్ణయాన్ని వినేవాడికి వదిలేస్తుంది. ఇంగ్లీషు వదలదు. అనువాదకుడి చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది.

మూడో అర్థం ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలి. జరగని పనిని చెప్పే ‘లేదు’ మనిషిని బట్టి మారదు. నేను పాడలేదు, నువ్వు పాడలేదు, వాళ్లు పాడలేదు. చేతకానితనాన్ని చెప్పే ‘లే’ మాత్రం మనిషిని బట్టి మారుతుంది: పాడలేను, పాడలేవు, పాడలేడు, పాడలేరు. ‘ఆమె’, ‘అది’ కర్తలైనప్పుడు ఈ రెండో వరుసలోనూ ‘పాడలేదు’ అనే రూపమే వస్తుంది. రెండు దారులూ అక్కడ కలిసిపోతాయి. అందుకే అతను కర్తగా ఉన్న కథలో రాని తప్పు, ఆమె కర్తగా ఉన్న కథలో వస్తుంది. దీన్ని పట్టుకోవడం తేలిక. ‘ఆమె’ తీసి ‘అతను’ పెట్టి చూడాలి. వాక్యం ‘అతను పాడలేడు’ అని మారితే అది ‘కాంట్’. ‘అతను పాడలేదు’ అనే నిలిస్తే అది జరగని పని. ‘ఈ బండి ఘాటు ఎక్కలేదు’ లాంటి వాక్యాలకూ ఇదే పరీక్ష పనికొస్తుంది. బండి బదులు డ్రైవరును కర్తగా పెడితే చాలు.

జరగని పని అని తేలాక ఇంకో ప్రశ్న మిగులుతుంది. వాక్యంలో ‘నిన్న’ ఇముడుతుందా, ‘ఇంకా’ ఇముడుతుందా? ‘అమ్మ నిన్న తినలేదు’కు డిడంట్, ‘అమ్మ ఇంకా తినలేదు’కు హ్యాజంట్. అమెరికా వాడుకలో ‘డిడంట్ ఈట్ యెట్’ కూడా వినిపిస్తుంది కాబట్టి దీన్ని మరీ పట్టుకుని వేలాడనక్కర్లేదు. అయితే ‘బస్సు రాలేదు’ అని స్టాపులో నిలబడి ఉన్న మనిషి అంటున్నప్పుడు ‘ది బస్ డిడ్ నాట్ కమ్’ అని రాస్తే, ఆ మనిషి ఇంటికి వెళ్లిపోయి ఫిర్యాదు రాస్తున్నట్టు ఉంటుంది. ఎదురుచూపు ఇంకా ముగియలేదని ఇంగ్లీషు పాఠకుడికి తెలియాలంటే హ్యాజంట్ రావాలి.

ఇక అసలు ‘కెన్’ అన్న ఊహ తెలుగులో ఎక్కడా లేకపోయినా ఇంగ్లీషులో ‘కాంట్’ వచ్చి కూర్చునే వాక్యాలు కొన్ని ఉన్నాయి. ఫోనులో ‘వినపడడం లేదు’ అంటే ‘ఐ కాంట్ హియర్ యు’. ‘కళ్లజోడు కనిపించడం లేదు’ అంటే ‘ఐ కాంట్ ఫైండ్ మై గ్లాసెస్’. ‘రాత్రి నిద్ర పట్టలేదు’ అంటే ‘ఐ కుడంట్ స్లీప్’. తెలుగులో వినపడేది గొంతు, కనిపించేది కళ్లజోడు, పట్టేది నిద్ర. మనిషి ‘నాకు’ అంటూ పక్కన నిలబడి ఉంటాడు, లేదా అసలు వాక్యంలోనే ఉండడు. ఇంగ్లీషు మనిషిని కర్త స్థానంలోకి లాగుతుంది. లాగిన తరువాత చూపు, వినికిడి, నిద్ర లాంటివి అతని వల్ల అయ్యాయా లేదా అన్నట్టు మాట్లాడుతుంది. ఈ సంగతి గమనించని అనువాదంలో ‘స్లీప్ డిడ్ నాట్ కమ్ టు మి’ వస్తుంది. కవిత్వంలో ఒకసారి బాగుంటుందేమో గాని, దోమల గురించి చెప్పే మనిషి నోట బాగుండదు. ‘అర్థం కాలేదు’ కూడా ఇలాంటిదే. ఎదుటి మనిషి మాట ముగించీ ముగించగానే మనం ఆ మాట అంటే అది గడిచిన కాలం కాదు. ‘ఐ డోంట్ గెట్ ఇట్’ అని వర్తమానంలో చెప్పాలి.

‘లేదు’ కన్నా నన్ను ఎక్కువసేపు ఆపేది ‘రాడు’, ‘వినడు’, ‘తినను’ వరుస. సాయం చేసే మాట ఏదీ లేకుండా ధాతువులోనే కాదనడం ఇమిడిపోయిన రూపాలివి. అలవాటు, రాబోయే కాలం, మొండితనం మూడూ ఒకే రూపంలో ఉంటాయి. ‘వాడు మాంసం తినడు’ అలవాటు, కాబట్టి డజంట్. ‘వాడు రేపు రాడు’ రాబోయేది. ఇక్కడ పాఠ్యపుస్తకం ‘విల్ నాట్ కమ్’ అంటుంది గాని మాటల్లో ‘హి ఇజంట్ కమింగ్’ సహజం. ‘ఎంత పిలిచినా రాడు’ మొండితనం. అక్కడ మాత్రం ‘వోంట్’ సరిగ్గా అతుకుతుంది. ‘వోంట్’లో కాలంతో పాటు నిరాకరణ కూడా ఉంది. అందుకే అలవాటుకూ రేపటికీ కూడా అదే వాడితే, పాపం ఊరికే పని ఉండి రాలేకపోతున్న మనిషి మొండివాడైపోతాడు. ‘నేను రాలేను’ అన్న మర్యాదను ‘ఐ యామ్ అనేబుల్ టు కమ్’ అని ఆఫీసు ఉత్తరం చేయడం కూడా ఈ కోవలోదే. పెళ్లి పిలుపుకు ఇంగ్లీషులో అందరూ చెప్పే జవాబు ‘ఐ కాంట్ మేక్ ఇట్’.

అనువాదం బిగుసుకుపోవడానికి పెద్ద కారణం ఒకటుంది: కుదింపు రూపాలంటే మనకున్న భయం. డిడంట్, డోంట్, వోంట్ అన్నవి తక్కువ స్థాయి ఇంగ్లీషని బడిలో వ్యాసరచన నేర్పేటప్పుడు మనసులో నాటుకుపోయింది. కానీ మాటల్లో ‘డిడ్ నాట్’ అని విడదీసి పలికితే అది గౌరవం కాదు, నొక్కి చెప్పడం. ‘ఐ డిడ్ నాట్ టేక్ ఇట్’ అంటే దొంగతనం అంటగట్టినప్పుడు చెప్పే మాట. తెలుగులో దానికి సమానమైనది ‘నేను తీయనే లేదు’. ప్రతి ‘తీయలేదు’నూ అలా విడదీస్తూ పోతే కథలో పాత్రలన్నీ ఒకరిపై ఒకరు విరుచుకుపడుతున్నట్టు ఉంటాయి, నిజంగా విరుచుకుపడే చోటు వచ్చేసరికి చేతిలో ఏమీ మిగలదు. విడి రూపాన్ని ‘నే లేదు’, ‘నే రాడు’ లాంటి చోట్లకు దాచుకోవాలని నా అభిప్రాయం.

ఒక ఉత్తరం తీసుకుందాం. అక్క చెల్లెలికి రాసింది:

‘రాత్రంతా కరెంటు లేదు. నాన్న మందు వేసుకోకుండానే పడుకున్నారు. ఎంత చెప్పినా వినరు. డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లక తప్పదు. తమ్ముడు రాలేనన్నాడు. నువ్వూ రాకపోతే నేనొక్కదాన్నీ తీసుకువెళ్లలేను.’

‘కరెంటు లేదు’ను ‘దేర్ వాజ్ నో కరెంట్’ అని మార్చడం వ్యాకరణానికి సరే గాని, ఇంట్లో మాటగా ‘ది పవర్ వాజ్ అవుట్’ అంటారు. కాదనే మాటే లేదు, అయినా అర్థం పోలేదు. ‘వేసుకోకుండానే’ దగ్గర ‘వితౌట్ టేకింగ్ హిజ్ మెడిసిన్’ చక్కగా సరిపోతుంది; దాన్ని ‘వితౌట్ హ్యావింగ్ టేకెన్’ అని సాగదీయడం అనవసరం. అయితే ‘కుండా’ కనబడిన ప్రతిచోటా ‘వితౌట్’ పెట్టే అలవాటు మంచిది కాదు. ‘ఆగకుండా ఏడ్చాడు’కు ‘కెప్ట్ క్రైయింగ్’, ‘వర్షం పడకుండా ఉంటే బాగుండు’కు ‘ఐ హోప్ ఇట్ డజంట్ రెయిన్’. ‘వినరు’ ఇక్కడ మొండితనం కాబట్టి ‘హి జస్ట్ వోంట్ లిసన్’. తెలుగులో ఆ ‘రు’ మోసే గౌరవం ఇంగ్లీషులో పోతుంది. దానికోసం వాక్యాన్ని బరువెక్కించి లాభం లేదు, ‘డాడ్’ అన్న పిలుపు మోయగలిగినంత మోస్తుంది. ‘తప్పదు’లో రెండు కాదనడాలున్నాయి, తీసుకువెళ్లక, తప్పదు. రెండూ కలిసి అవునన్నట్టే. ‘దేర్ ఈజ్ నో ఆప్షన్ బట్ టు’ అని రాసే బదులు ‘వి విల్ హ్యావ్ టు’ అంటే అయిపోతుంది.

చివరి వాక్యం సున్నితమైనది. ‘ఇఫ్ యు డోంట్ కమ్’ అని రాస్తే మాటకు మాట సరిపోతుంది గాని, అక్క చెల్లెలిని బెదిరిస్తున్నట్టు ఉంటుంది. తెలుగులో ‘రాకపోతే’ రాకూడదనుకోవడాన్నీ రాలేకపోవడాన్నీ విడదీయదు. పైన తమ్ముడు ‘రాలేను’ అన్నాడు, ఆ పక్కనే ‘నువ్వూ’ అని ఉంది. కాబట్టి ‘ఇఫ్ యు కాంట్ కమ్ ఐదర్’ అన్నదే ఆమె మనసుకు దగ్గర. ‘తీసుకువెళ్లలేను’కు ‘ఐ కాంట్ మేనేజ్ ఇట్ అలోన్’. చూడండి, ఉత్తరంలో కాదనే రూపాలు ఎనిమిది ఉంటే అనువాదంలో ‘నాట్’ జాతి మాటలు నాలుగే మిగిలాయి.

వార్తల భాషలో దీనికి తోడు ఇంకో బెడద ఉంది. ‘ఎన్నికలు వాయిదా పడే అవకాశం లేకపోలేదు’ అని మన పత్రికలు ఇష్టంగా రాస్తాయి. ‘ఇట్ ఈజ్ నాట్ దట్ దేర్ ఈజ్ నో పాజిబిలిటీ’ అన్న అనువాదం చదివేవాడు రెండుసార్లు వెనక్కి వెళ్లాలి. విలేకరి చెప్పదలచింది ‘మే వెల్ బి పోస్ట్‌పోన్డ్’ అంత బలంగానా, ‘కుడ్ స్టిల్ బి’ అంత మెత్తగానా అన్నది వార్త చదివి తేల్చుకోవాలి. ‘లేకపోలేదు’ సాధారణంగా రెండో వైపే మొగ్గుతుంది.

బిగుసుకున్న ఇంగ్లీషే సరైన చోటు ఒకటుంది, కోర్టు. సాక్షి తెలుగులో చెప్పింది ఇంగ్లీషులో రాసుకునే చోట, ‘నేను అబద్ధం చెబుతున్నాననడం నిజం కాదు’ అన్నది ‘ఇట్ ఈజ్ నాట్ ట్రూ టు సజెస్ట్ దట్ ఐ యామ్ డిపోజింగ్ ఫాల్స్’ అని నమోదవుతుంది. ఇంట్లో ఎవరూ అలా మాట్లాడరు, కానీ న్యాయవాది వేసిన ప్రశ్నకు తిరస్కారం నమోదు కావలసిన పద్ధతి అది, దాన్ని సడలించడం అనువాదకుడి పని కాదు. అక్కడే అసలు ప్రమాదం ఒకటి పొంచి ఉంటుంది. ‘ఆ రోజు మీరు అతన్ని చూడలేదా?’ అని అడిగితే తెలుగు సాక్షి ‘అవును’ అంటాడు, అంటే మీరన్నది నిజమే, చూడలేదని. దాన్ని ‘యెస్’ అని మాత్రమే రాస్తే ఇంగ్లీషులో ‘చూశాను’ అని చదువుకునే వీలుంది. అలాంటి చోట ఒక్క మాటతో సరిపెట్టకుండా, సాక్షిని మళ్లీ అడిగి, ‘ఐ డిడ్ నాట్ సీ హిమ్ దట్ డే’ అని పూర్తి వాక్యం రాయించాలి. విడదీసిన ‘డిడ్ నాట్’ ఇక్కడ పూర్తిగా తన చోట తాను ఉంది.