నూనె ప్యాకెట్ అసలు ధర: గ్రాముకు 17 పైసలు దాచిపెడుతున్నదేమిటి?

కిరాణా కొట్టులో "ఒక సన్‌ఫ్లవర్ ప్యాకెట్ ఇవ్వండి" అని అడిగే మనిషి మనసులో ఉండేది లీటరు నూనె. చాలాకాలం ఆ అంచనా తప్పలేదు. ప్యాకేజ్డ్ కమోడిటీస్ రూల్స్ రెండో షెడ్యూలులో ఉన్న 19 రకాల సరుకులను నిర్ణీత పరిమాణాల్లోనే ప్యాక్ చేయాలన్న నిబంధన ఉండేది, అందులో వంటనూనె కూడా ఒకటి. 2021 నవంబరులో తెచ్చిన సవరణతో కేంద్రం ఆ షెడ్యూలును ఎత్తేసి, దాని స్థానంలో ప్రతి ప్యాక్ మీద యూనిట్ ధర ముద్రించాలని చెప్పింది. కొన్ని వాయిదాల తర్వాత అది అమల్లోకి వచ్చింది. ప్యాక్ ఎంతదైనా గ్రాముకు ఇంత, మిల్లీలీటరుకు ఇంత అని కళ్ల ముందే ఉంటే కొనేవాడికి నష్టం ఏముంటుందన్నది దీని వెనక ఉన్న తర్కం. తర్కం బాగానే ఉంది కానీ, ఆ ధరను ముద్రించమన్న తీరులోనే లోపం ఉంది.

ఇప్పుడు అల్మారాలో 910 గ్రాముల లీటరు ప్యాకెట్ పక్కనే 850, 800, 750 గ్రాముల ప్యాకెట్లు కూడా కనిపిస్తాయి. కవరు వెడల్పు, బొమ్మ, రంగు దాదాపు ఒకటే కాబట్టి చేతిలోకి తీసుకుని చూసినా తేడా తెలియదు. లెక్క కోసం మూడు ధరలు అనుకుందాం: 910 గ్రాములది 154 రూపాయలు, 850 గ్రాములది 147, 750 గ్రాములది 131. మూడోది మొదటిదానికంటే 23 రూపాయలు తక్కువ కాబట్టి చాలామంది చేయి దానిమీదికే పోతుంది. ధరను గ్రాములతో భాగించి వెయ్యితో హెచ్చిస్తే మాత్రం కిలో ధర వరుసగా 169.20, దాదాపు 173, 174.70 రూపాయలు వస్తుంది. అంటే చవగ్గా కనిపించిన 750 గ్రాముల ప్యాకెట్ ధర లెక్కన లీటరు నూనె కొంటే 159 రూపాయలవుతుంది, 154 కాదు.

ఈ తేడాను యూనిట్ ధర పట్టి చూపించాలి కదా? కిలోకు తక్కువైన ప్యాక్ మీద ధరను గ్రాము లెక్కన, కిలో దాటితే కిలో లెక్కన, రెండు దశాంశ స్థానాలకు సవరించి వేయమంటుంది నిబంధన. పై మూడు ప్యాకెట్లకూ గ్రాము లెక్కన వేస్తే వచ్చేది ఒకటే అంకె, 0.17. కిలోకు 165 రూపాయలైనా, 174 రూపాయల 90 పైసలైనా ఆ అంకె మారదు. కిలోకు పది రూపాయల తేడా ఆ రెండు దశాంశాల మధ్య మాయమవుతుంది. సరుకు ఎంత చవకదైతే ఈ మసక అంత ఎక్కువ: అరకిలో ఉప్పు 13 రూపాయలైనా, 17 రూపాయలైనా గ్రాము ధర 0.03 అనే ఉంటుంది. కిలో ధర ఒకచోట 26, మరోచోట 34 అన్న సంగతి ఆ అంకె చూసినవాడికి ఎలా తెలుస్తుంది? గ్రాముకు ఒకటిన్నర రూపాయి పలికే కాఫీ పొడికి ఇదే పద్ధతి చక్కగా పనిచేస్తుంది. పేదవాడి సంచిలోకి ఎక్కువగా చేరే సరుకులకే పనికిరాకుండా పోతుంది.

ధర మార్చకుండా బరువు తగ్గించినప్పుడూ ఇదే జరుగుతుంది. 154 రూపాయల ప్యాకెట్‌ను 910 నుంచి 890 గ్రాములకు దించితే గ్రాము ధర 0.169 నుంచి 0.173 అవుతుంది, కవరు మీది 0.17 కదలదు. 880కి దించితేనే అది 0.18కి మారుతుంది. బరువు తగ్గిన శాతం కంటే ధర పెరిగిన శాతం ఎప్పుడూ కొంచెం ఎక్కువే ఉంటుందన్నది కూడా గుర్తుంచుకోవాలి. 910 నుంచి 850కి తగ్గుదల 6.6 శాతం, అసలు ధర పెరుగుదల 7.1 శాతం. అదే ఇరవై శాతం సరుకు తగ్గితే ధర పాతిక శాతం పెరిగినట్టు. దీన్ని పట్టుకోవడానికి ఇంట్లో ఖాళీ అయిన కవరును పారేసేముందు దాని నికర బరువును ఫోన్‌లో రాసుకోవడం కంటే సులువైన దారి లేదు, ఎందుకంటే పాత కవరు అల్మారాలో ఉండదు, కొట్టు బిల్లులో తరచు సరుకు పేరే తప్ప బరువు ఉండదు. "కొత్త ప్యాక్" అన్న ముద్ర కనిపించిన రోజున ముందు చూడవలసింది ఆ బరువునే.

నూనె విషయంలో పోల్చవలసింది మిల్లీలీటర్లను కాదు, గ్రాములను. వేడికి నూనె వ్యాకోచిస్తుంది, దాని బరువు మారదు. అందుకే కొన్ని కంపెనీలు లీటరు పరిమాణాన్ని 60 డిగ్రీల వద్ద కొలిచినట్టు ముద్రించాయి. సోయా నూనె లీటరు 30 డిగ్రీల వద్ద సుమారు 913 గ్రాములు తూగితే, 60 డిగ్రీల వద్ద సుమారు 893 గ్రాములే తూగుతుంది. అంటే లీటరన్న మాట నిలబెట్టుకుంటూనే ఇరవై గ్రాములు తగ్గించవచ్చు. మన ఎండలకైనా వంటగదిలో నూనె 60 డిగ్రీలకు చేరదు. 2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఉష్ణోగ్రత ప్రస్తావన తీసేసి పరిమాణంతోపాటు బరువును కూడా వేయమని కంపెనీలకు సూచించింది. బరువు పక్కనే ఉంటుంది కాబట్టి ఇప్పుడు ఆ అంకెను చూస్తే సరిపోతుంది.

పెద్ద డబ్బా కొంటే కలిసొస్తుందన్న నమ్మకాన్ని కూడా లెక్క వేసే ఒప్పుకోవాలి. ఐదు లీటర్ల క్యాన్ 790 రూపాయలైతే లీటరు 158 పడుతుంది, అంటే మన ఉదాహరణలోని లీటరు ప్యాకెట్లు ఐదు కొనడమే 20 రూపాయలు చవక. క్యాన్ మీద లీటరు ధర, చిన్న ప్యాకెట్ మీద గ్రాము ధర ఉంటే కొట్లో నిలబడి వాటిని పోల్చగలిగేవారు అరుదు. షాంపూలో సాషే చాలాసార్లు సీసాకంటే చవక పడటం తెలిసిందే. పైగా ముద్రించిన యూనిట్ ధర ఎమ్మార్పీ మీద కట్టినది, సూపర్ మార్కెట్ తగ్గింపు ధరకు అమ్ముతుంటే అది చెల్లదు, చెల్లించే మొత్తంతోనే మళ్లీ భాగించాలి.

బరువు పెరగవలసిన సందర్భాలను పరీక్షించడానికీ ఈ లెక్కే పనికొస్తుంది. 2025 సెప్టెంబరు 22న బిస్కెట్లు, షాంపూల వంటి వాటిపై జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గింది. ఐదు రూపాయల బిస్కెట్ ప్యాకెట్‌ను నాలుగు రూపాయల 45 పైసలకు అమ్మితే చిల్లరకు ఇబ్బంది కాబట్టి, పూర్తి లాభం కొనేవాడికి చేరాలంటే ధర అలాగే ఉంచి బరువును 118/105 వంతున, అంటే సుమారు 12 శాతం పెంచాలి. 50 గ్రాములది 56 గ్రాములు కావాలి. 52 దగ్గర ఆగి "అదనం" అని రాసుకుంటే మిగతాది ఎవరి దగ్గర ఉండిపోయిందో వేరే చెప్పనక్కర్లేదు.

ఫ్రాన్స్‌లో 2024 జులై నుంచి, ధర తగ్గించకుండా పరిమాణం తగ్గించిన సరుకుల పక్కన పెద్ద దుకాణాలు రెండు నెలలపాటు ఆ సంగతి రాసిపెట్టాలి. మనకు అటువంటిది లేదు, అన్ని చిన్న కొట్లున్న దేశంలో అది అమలు కావడం కూడా కష్టమే. అంతకంటే తేలికైన సవరణ ఒకటుంది: ప్యాక్ ఎంత చిన్నదైనా ఘన పదార్థాలకూ నూనెలకూ కిలో ధరనే, మిగతా ద్రవాలకు లీటరు ధరనే వేయించడం. ముద్రించే చోటు పెరగదు, కంపెనీకి ఖర్చూ ఉండదు. 0.17, 0.17, 0.17 అని ఉన్నచోట 169, 173, 175 అని కనిపిస్తుంది.