సవరణ: రుంగే-కుట్టా లెక్కలో k4 తప్పు

"అన్నా, y' = y − x, y(0) = 2, h = 0.2 లెక్కకు మీరు 2.4144 అని పెట్టిన్రు. నాకు 2.4214 వస్తుంది. యాడ తేడా?" అని నల్లగొండ నుంచి ఒక డిగ్రీ తమ్ముడు అడిగిండు.

నీదే కరెక్టు తమ్మీ, తప్పు నాది. k4 దగ్గర పూర్తి k3 కలపాల్సింది, సగమే కలిపిన. లెక్క మళ్లీ చూడండి.

```
k1 = 0.2(2 − 0) = 0.4
k2 = 0.2(2.2 − 0.1) = 0.42
k3 = 0.2(2.21 − 0.1) = 0.422
k4 = 0.2(2.422 − 0.2) = 0.4444
```

k2, k3 రెండూ అడుగు నడిమిట్ల చూసే వాలులు. అందుకే అక్కడ x కు 0.1, y కి ముందటి k లో సగం కలుపుతం. k4 మాత్రం అడుగు చివర వాలు. x పూర్తిగా 0.2 జరిగినప్పుడు y కూడా పూర్తి k3 జరగాలె. నేను x ను చివరికి తీసుకపోయి y ని నడిమిట్లనే వదిలేసిన, దాంతో k4 = 0.4022 వచ్చింది.

అసలు అక్కడే అనుమానం రావాలె. ఈ లెక్కల వాలు పెరుగుకుంట పోతది, k4 ఒక్కటే k3 కంటే తగ్గదు.

ఇగ నడిమి రెండింటిని రెట్టింపు చేసి కూడితే 0.4 + 0.84 + 0.844 + 0.4444 = 2.5284. దాన్ని 6 తోని భాగిస్తే 0.4214, కాబట్టి y(0.2) = 2.4214. అసలు సాధన y = x + 1 + eˣ ఇచ్చేది 2.421403.